అల్ట్రా హెచ్‌డీ, ఫుల్ హెచ్‌డీ క్లిప్పులు కలిసినప్పుడు ప్రాజెక్ట్ రిజల్యూషన్‌ను ఎంచుకోవడం ఎలా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరబోట్లతో చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ గడువు తీరాక విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు మళ్లీ సముద్రంలోకి బయలుదేరడాన్ని, అవి తిరిగి వచ్చాక జెట్టీ మీద జరిగే మొదటి వేలాన్ని కలిపి 12 నిమిషాల చిత్రంగా కూర్చే పని ఒక ఏడు నాకు వచ్చింది. బోటు యజమానితో ముఖాముఖి, రేవు దృశ్యాలు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ కనిపించే దూరపు షాట్లు ప్రధాన కెమెరాతో అల్ట్రా హెచ్‌డీలో తీశాను. వేలాన్ని మాత్రం నా దగ్గరున్న పాత కెమెరాతో మిత్రుడొకరు ఫుల్ హెచ్‌డీలో తీశారు. సముద్రం మీద వల లాగుతున్న దృశ్యాలు బోటులోని ఒక కళాసీ తన ఫోనుతో తీసి ఇచ్చినవి, అవీ ఫుల్ హెచ్‌డీయే.

పెద్ద సైజు పెట్టుకుంటే పోయేదేముందిలే అనుకుని నేను టైమ్‌లైన్‌ను అల్ట్రా హెచ్‌డీలో తెరిచాను. నా మానిటర్ ఫుల్ హెచ్‌డీది కాబట్టి ఎడిటింగ్ చేసినన్ని రోజులూ అంతా బాగానే కనిపించింది. తీరా యజమాని ఇంట్లో 55 అంగుళాల అల్ట్రా హెచ్‌డీ టీవీకి నాలుగైదు అడుగుల దూరంలో కూర్చుని చూస్తుండగా ఆయన అడిగిన ప్రశ్న ఇది: “బాబూ, వేలం కాడికి వచ్చేసరికి బొమ్మ మసకేసిందేటి? అద్దానికి ఉప్పుగాలి గానీ పట్టిందా?” ఉప్పుగాలి పాపం ఏమీ లేదు, తప్పంతా నేను ఎంచుకున్న టైమ్‌లైన్ సైజుది. ఆ చిత్రాన్ని మళ్లీ కూర్చిన క్రమాన్నే ఇక్కడ అడుగులవారీగా వివరిస్తున్నాను. మెనూ పేర్లు డావిన్చీ రిజాల్వ్‌వి. ప్రీమియర్ ప్రో వాడేవారు జాగ్రత్త పడవలసిన చోటును విడిగా చెప్పాను.

ముందుగా ఒక్క లెక్క

అల్ట్రా హెచ్‌డీ ఫ్రేము 3840 × 2160 పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 1920 × 1080 పిక్సెళ్లు. వెడల్పులో రెట్టింపు, ఎత్తులో రెట్టింపు, కాబట్టి మొత్తం పిక్సెళ్లలో సరిగ్గా నాలుగింతలు. ఫుల్ హెచ్‌డీ క్లిప్పును అల్ట్రా హెచ్‌డీ టైమ్‌లైన్‌లో తెర నిండా పరిస్తే, కెమెరా ఇచ్చిన ఒక్కో పిక్సెల్ నాలుగు పిక్సెళ్ల చోటును నింపవలసి వస్తుంది. మిగిలిన మూడింటినీ సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లను చూసి ఊహించి నింపుతుంది. ఆ ఊహే మనకు మసకగా కనిపిస్తుంది.

దీన్ని ప్రతి షాటుకూ కొలవడానికి నేను వాడే సూత్రం ఇది:

```
నిష్పత్తి = క్లిప్ వెడల్పు ÷ టైమ్‌లైన్ వెడల్పు ÷ జూమ్
```

ఇక్కడ క్లిప్ తెర నిండా సరిగ్గా అమరిన స్థితిని 1 జూమ్‌గా తీసుకోవాలి. ఫలితం 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే తెర మీది ప్రతి పిక్సెల్‌కూ వెనుక కనీసం ఒక నిజమైన పిక్సెల్ ఉన్నట్టే. 1 కంటే తగ్గితే ఊహ మొదలైనట్టు. నా కంటికి 0.8 వరకు ఎవరూ పట్టుకోలేరు. 0.5 దగ్గరకు వచ్చేసరికి వల కన్నులు, తాళ్లు, చేప పొలుసుల వంటి సన్నని వివరాలున్న షాట్లలో తేడా తెలిసిపోతుంది. ముఖాలున్న దగ్గరి షాట్లు, చీకటి షాట్లు ఇంకొంచెం ఓర్చుకుంటాయి. ఈ హద్దులు ఏ ప్రమాణ పత్రంలోనూ లేవు, పని చేస్తూ చేస్తూ నేను పెట్టుకున్నవి.

మొదటి అడుగు: ఏ క్లిప్ ఎంతదో తేల్చుకోవడం

ఫైలు పేరును, కెమెరా మీది స్టిక్కరును నమ్మకూడదు. ఫోను సెట్టింగు మధ్యలో మారిపోయి ఉండవచ్చు, వాట్సాప్‌లో పంపిన క్లిప్ కుదించుకుపోయి ఉండవచ్చు. రిజాల్వ్‌లో క్లిప్పులన్నిటినీ మీడియా పూల్‌లోకి తెచ్చి, జాబితా రూపంలో చూస్తూ `Resolution` అనే నిలువు వరుస మీద నొక్కితే సైజుల వారీగా వరుసలో పడతాయి. ఎడిటర్‌లోకి తేకముందే ఒక ఫైలును పరీక్షించాలంటే ఈ ఆదేశం చాలు:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=width,height,r_frame_rate -of csv=p=0 C0012.MP4
```

`3840,2160,25/1` అని వస్తే అది సెకనుకు 25 ఫ్రేముల అల్ట్రా హెచ్‌డీ క్లిప్. నాకు సముద్రం నుంచి వచ్చిన ఫోను క్లిప్పుల్లో రెండు వాట్సాప్ గుండా రావడం వల్ల 1920 బదులు అంతకంటే చిన్న సైజులో ఉన్నాయి. కళాసీని అడిగి మూల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెప్పించుకున్నాను. ఈ ఒక్క పరిశీలనే, తర్వాత ఎంత పదును పెట్టినా రాని నాణ్యతను ముందే తెచ్చిపెడుతుంది.

రెండో అడుగు: ఫైళ్లను కాదు, సెకన్లను లెక్కించడం

చాలామంది ఇక్కడే పొరపడతారు. కార్డులో అల్ట్రా హెచ్‌డీ క్లిప్పులు ఎక్కువ ఉన్నాయి కాబట్టి ప్రాజెక్టూ అల్ట్రా హెచ్‌డీయే అనుకుంటారు. ముఖాముఖి గంటసేపు తీసి ఉండవచ్చు, చిత్రంలో మిగిలేది మూడు నిమిషాలే. అందుచేత ఏదో ఒక సైజులో, నా సలహా ఫుల్ హెచ్‌డీలో, తొలి కూర్పు పూర్తి చేసి ఆ తర్వాతే నిర్ణయానికి రావాలి. రిజాల్వ్‌లో టైమ్‌లైన్ సైజును తర్వాత మార్చుకోవచ్చు. మార్చలేనిది ఫ్రేమ్ రేటు; టైమ్‌లైన్‌లో క్లిప్పులు పడ్డాక అది బిగుసుకుపోతుంది, కాబట్టి దాన్ని మాత్రం మొదటే ఖాయం చేసుకోవాలి.

నా తొలి కూర్పులో 12 నిమిషాలు ఇలా పంచుకున్నాయి. అల్ట్రా హెచ్‌డీ షాట్లు 4 నిమిషాల 20 సెకన్లు, వేలం 5 నిమిషాల 10 సెకన్లు, ఫోను క్లిప్పులు 2 నిమిషాల 30 సెకన్లు. అంటే 720 సెకన్లలో 460 సెకన్లు, దాదాపు 64 శాతం ఫుల్ హెచ్‌డీయే. కార్డుల్లోని ఫైళ్ల బరువు చూస్తే మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఉండేది.

మూడో అడుగు: జూమ్‌ను, స్థిరీకరణను కలిపి నిష్పత్తి తీయడం

ఇప్పుడు ఒక్కో రకం షాటుకూ పై సూత్రాన్ని రెండు టైమ్‌లైన్ సైజులకూ వేసి చూడాలి. షాటులో మీరు చేసిన జూమ్‌తో పాటు, కుదుపును తగ్గించడానికి వాడిన స్థిరీకరణ కూడా అంచులను కోసి బొమ్మను పెంచుతుందని మరచిపోకూడదు. బోటు మీద తీసిన ఫోను క్లిప్పుల్లో అలల కుదుపు వల్ల ఈ పెంపు 1.2 దాకా వచ్చింది.

ముఖాముఖిని ఒక్క కెమెరాతోనే తీశాను. మాట మధ్యలో కత్తిరించిన చోట కోత తెలియకుండా ఉండాలంటే అదే షాటును 1.6 జూమ్‌తో దగ్గరగా చూపాలి. ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో దీని నిష్పత్తి 2 ÷ 1.6, అంటే 1.25; నిశ్చింతగా వాడుకోవచ్చు. అదే షాటు అల్ట్రా హెచ్‌డీ టైమ్‌లైన్‌లో 1 ÷ 1.6, అంటే 0.63 మాత్రమే. అంటే మంచి కెమెరాతో తీసిన షాటు కూడా పెద్ద టైమ్‌లైన్‌లో మసకబారుతుంది. ఈ ఒక్క లెక్కే నా పాత నిర్ణయాన్ని సగం కొట్టేసింది.

వేలం షాట్లలో ముందు నిలబడ్డవారి తలలను తప్పించడానికి 1.1 జూమ్ పెట్టాను. ఫుల్ హెచ్‌డీలో 0.91, అల్ట్రా హెచ్‌డీలో 0.45. ఫోను క్లిప్పులు స్థిరీకరణతో కలిపి ఫుల్ హెచ్‌డీలో 0.83, అల్ట్రా హెచ్‌డీలో 0.42. ఇక లైట్‌హౌస్ కనిపించే దూరపు షాట్లకు ఏ జూమూ లేదు కాబట్టి అల్ట్రా హెచ్‌డీలో 1, ఫుల్ హెచ్‌డీలో 2. చిత్రం మొత్తంలో పెద్ద టైమ్‌లైన్ వల్ల నిజంగా లాభపడేవి ఈ దూరపు షాట్లూ, జూమ్ లేని మరికొన్నీ కలిపి సుమారు నిమిషంన్నర. ఆ నిమిషంన్నర కోసం మిగతా పదిన్నర నిమిషాలను మసక చేయడం దండగ.

ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో అల్ట్రా హెచ్‌డీ క్లిప్ నష్టపోతుందనే అనుమానానికీ ఇక్కడ సమాధానం ఉంది. చాలా కెమెరాలు 4:2:0 పద్ధతిలో రికార్డు చేస్తాయి. అందులో వెలుగు వివరం 3840 × 2160 లో ఉన్నా రంగు వివరం 1920 × 1080 లోనే ఉంటుంది. అటువంటి క్లిప్పును ఫుల్ హెచ్‌డీకి కుదించినప్పుడు ప్రతి పిక్సెల్‌కూ సొంత రంగు దొరుకుతుంది. నీలం పెయింటు వేసిన బోటు అంచు తెల్లటి ఆకాశానికి ఆనే చోట ఆ శుభ్రత కనిపిస్తుంది. నేరుగా ఫుల్ హెచ్‌డీలో తీసిన క్లిప్పు కంటే కుదించినదే మెరుగ్గా ఉండడానికి ఇదొక కారణం.

వీక్షకుల దూరం కూడా కాస్త లెక్కలోకి వస్తుంది. 55 అంగుళాల టీవీలో సాధారణ దృష్టి ఉన్నవారు సుమారు 7 అడుగులకు మించి వెనక్కి జరిగితే ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లను విడివిడిగా గుర్తించలేరు. అయితే దూరం అన్నిటినీ కప్పేయదు. పదునైన షాటు వెంటనే మెత్తని షాటు వస్తే, ఆ మార్పును కన్ను ఏడు అడుగుల అవతల నుంచైనా పట్టేస్తుంది. మన యజమాని పట్టుకున్నది కూడా మసకను కాదు, ఆ మార్పునే.

అల్ట్రా హెచ్‌డీ టైమ్‌లైన్ ఎప్పుడు సరైనదంటే, పూర్తయిన చిత్రంలో ఫుల్ హెచ్‌డీ భాగం పదో వంతుకు లోపే ఉండి, ఆ షాట్లు పొట్టివై, జూమ్ లేకుండా ఉన్నప్పుడు. వేలాన్ని కూడా ప్రధాన కెమెరాతో తీసి ఉంటే, ముఖాముఖికి రెండో కెమెరా పెట్టి ఉంటే నేను అదే ఎంచుకుని, ఫోను క్లిప్పులను తగ్గించేవాణ్ణి.

నాలుగో అడుగు: రిజాల్వ్‌లో అమర్చడం

`File` మెనూలో `Project Settings` తెరిచి, `Master Settings` లో `Timeline resolution` ను `1920 x 1080 HD` గా, ఫ్రేమ్ రేటును మీ ప్రధాన కెమెరాకు తగ్గట్టు పెట్టండి. నాది 25. తర్వాత `Image Scaling` పేజీకి వెళ్లి `Mismatched resolution files` ఎదురుగా `Scale entire image to fit` ఉందో లేదో చూడండి. అక్కడ పొరపాటున `Center crop with no resizing` ఉంటే అల్ట్రా హెచ్‌డీ క్లిప్పులో నడిమి పావు భాగమే తెర నిండా కనిపిస్తుంది. బోటు మొత్తం తీశానే, సగం బోటే వచ్చిందేమిటి అనిపిస్తే వెతకవలసిన మొదటి చోటు అదే.

రిజాల్వ్‌లో ఉన్న సుగుణం ఏమిటంటే, ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో అల్ట్రా హెచ్‌డీ క్లిప్పును ఇన్‌స్పెక్టర్‌లోని `Zoom` తో పెంచినప్పుడు అది మూల ఫైలులోని పిక్సెళ్లనే తీసుకుంటుంది. కాబట్టి 2.0 దాకా నిజమైన వివరమే వస్తుంది. ప్రీమియర్ ప్రోలో మాత్రం ఇది మీరు ఎంచుకునే ఆదేశాన్ని బట్టి ఉంటుంది. క్లిప్ మీద కుడి క్లిక్ చేసి `Scale to Frame Size` ఎంచుకుంటే క్లిప్ మొదట సీక్వెన్స్ సైజుకు కుదించబడుతుంది, ఆపైన చేసే జూమ్ ఆ కుదించిన బొమ్మ మీదే జరుగుతుంది. `Set to Frame Size` అయితే `Scale` విలువను 50 కి మారుస్తుంది, మూల పిక్సెళ్లు చేతిలోనే ఉంటాయి. గుర్తుపట్టడం తేలిక: అల్ట్రా హెచ్‌డీ క్లిప్ మొత్తం ఫ్రేములో అమరి ఉండగా `Scale` దగ్గర 50 ఉంటే మంచిది, 100 ఉంటే వివరం అప్పటికే పోయినట్టు.

ఐదో అడుగు: కళ్లతో సరిచూడడం

నా మానిటర్ నన్ను మోసం చేసిన తీరు చెప్పాలి. వ్యూయర్ `Fit` లో ఉన్నప్పుడు అల్ట్రా హెచ్‌డీ టైమ్‌లైన్ సగానికి కుదించుకుపోయి కనిపిస్తుంది. రెట్టింపుకు సాగదీసిన వేలం షాటు మళ్లీ సగమై, మొదట ఉన్న పదునుతో దర్శనమిస్తుంది. వ్యూయర్ మూలనున్న మెనూలో `100%` పెట్టి చూసి ఉంటే మొదటి రోజే బయటపడేది. అదే విధంగా `Playback` మెనూలో ప్రివ్యూ నాణ్యతను సగానికి తగ్గించి ఉంటే పరీక్షకు ముందు దాన్ని `Full` కు మార్చాలి, ప్రాక్సీలు వాడుతుంటే వాటినీ ఆపివేయాలి. లేకుంటే బాగున్న షాటు కూడా మసకగా కనిపించి అనవసరంగా బెంగ పెడుతుంది.

పరీక్షకు సన్నని గీతలున్న షాట్లను ఎంచుకోండి. నాకు లైట్‌హౌస్ షాటులో బోట్ల స్తంభాల నుంచి దిగే తాళ్లు, వేలం షాటులో వెనుక ఆరబెట్టిన వల ఉపయోగపడ్డాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి పది సెకన్లు ఆడించగానే అసలు కథ తెలిసింది. ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో కూడా వేలం కొంచెం మెత్తగానే ఉంది, పైగా వల మీద రంగురంగుల అలలు పారుతున్నాయి. పాత కెమెరా సెన్సర్‌లోని వరుసలను కొన్ని వదిలేసి ఫుల్ హెచ్‌డీ బొమ్మను తయారు చేయడం వల్ల వచ్చే లోపమది. ఏ టైమ్‌లైన్ సైజూ దాన్ని తుడవలేదు. ఆ వల ఎక్కువగా కనిపించే రెండు షాట్లను తీసేసి, వేరేవి పెట్టాను.

ఆరో అడుగు: షాట్ల మధ్య పదునును కలపడం

రెండు రకాల క్లిప్పులూ ఒకే సైజులోకి వచ్చినా పదును ఒకటి కాదని పైన చూశాం. కలర్ పేజీలోని `Blur` విభాగంలో `Radius` మొదట 0.50 దగ్గర ఉంటుంది. తగ్గిస్తే పదును పెరుగుతుంది, పెంచితే మసక పెరుగుతుంది. వేలం షాట్లకు 0.48 పెట్టాను. అంతకంటే తగ్గిస్తే చేప పొలుసుల చుట్టూ తెల్లటి అంచులు కట్టాయి. మిగిలిన తేడాను వాటి పక్కన వచ్చే అల్ట్రా హెచ్‌డీ షాట్లలో 0.51 పెట్టి పూడ్చాను. మంచి షాటును చేతులారా మెత్తబరచడానికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ చూసేవారు షాట్లను విడివిడిగా చూడరు, వరుసలో చూస్తారు. లైట్‌హౌస్ షాట్లు వేలానికి దూరంగా, చిత్రం మొదట్లో ఉన్నాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు.

రిజాల్వ్ స్టూడియోలో క్లిప్ లక్షణాల కింద `Super Scale` అనే సదుపాయం ఉంది. ఫోను క్లిప్పుల్లో ముఖాల మీద బాగానే పని చేస్తుంది. వల, నీటి తళుకుల వంటి చోట్ల లేని గీతలను పుట్టిస్తుంది కాబట్టి షాటు షాటుకూ చూసుకుని వాడాలి.

ఏడో అడుగు: అల్ట్రా హెచ్‌డీ ఫైలు అడిగితే

యూట్యూబ్ కోసం అల్ట్రా హెచ్‌డీ ఫైలు కావాలని అడగడం మామూలే, అందులో అర్థమూ ఉంది. సెకనుకు 25 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ వీడియోకు యూట్యూబ్ సూచించే అప్‌లోడ్ బిట్‌రేట్ 8 మెగాబిట్లు, అల్ట్రా హెచ్‌డీకి 35 నుంచి 45. సముద్రం, నురగ, వల వంటి కదిలే సన్నని వివరాలు తక్కువ బిట్‌రేట్‌లో గడులు గడులుగా విరిగిపోతాయి.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, టైమ్‌లైన్ నకలు తీసి దాని సైజును `3840 x 2160 Ultra HD` గా మార్చడం. అప్పుడు అల్ట్రా హెచ్‌డీ షాట్లు తమ పూర్తి వివరంతో వస్తాయి, ఫుల్ హెచ్‌డీ షాట్లు రాలేవు, మనం కలిపిన పదును మళ్లీ విడిపోతుంది. పేర్లు, శీర్షికలు, ఫ్యూజన్‌లో చేసిన గ్రాఫిక్స్ తమ చోట్లలోనే ఉన్నాయో లేదో కూడా ఒక్కొక్కటిగా చూసుకోవాలి. రెండోది, పూర్తయిన ఫుల్ హెచ్‌డీ మాస్టర్‌ను ఉన్నదున్నట్టు పెంచడం. అన్ని షాట్లూ ఒకేలా పెరుగుతాయి కాబట్టి వాటి మధ్య పొందిక చెడదు. మిశ్రమ చిత్రాలకు నేను ఈ రెండో దారినే పట్టాను:

```
ffmpeg -i harbour_fhd.mov -vf scale=3840:2160:flags=lanczos -c:v libx264 -crf 16 -pix_fmt yuv420p -c:a aac -b:a 320k harbour_uhd.mp4
```

ఈ ఫైలులో కొత్త వివరం ఏమీ పుట్టదు. ఉన్న వివరం కుదింపులో నలిగిపోకుండా కాస్త చోటు దొరుకుతుంది, అంతే. అడిగినవారికి ఆ సంగతి దాచకుండా చెప్పడం మంచిది. యజమానికి మాత్రం ఫుల్ హెచ్‌డీ మాస్టర్‌నే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. అదే టీవీలో, అదే కుర్చీలో చూశారు. ఈసారి వేలం దగ్గర ఆయన అడిగింది ఆ రోజు వంజరం పాటను చివరికి ఎవరు దక్కించుకున్నారని.